చూపు పోయింది సూది మానేసినందుకు

"కంట్లో సూది మాత్రం వేయించుకోకండి. మా బావగారు వేయించుకున్నారు, ఉన్న చూపు కూడా పోయింది."

పెళ్లి పందిట్లో, బస్సులో, చివరికి కంటి ఆసుపత్రి బెంచీ మీద కూడా వినిపించే మాట ఇది. విన్నవాళ్లు డాక్టరు రాసిన చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోతారు. ఆరు నెలల తర్వాత తిరిగి వచ్చేసరికి రెటీనా మధ్యలో మచ్చ గట్టిపడి ఉంటుంది. అప్పుడు ఏ డాక్టరూ చేయగలిగింది పెద్దగా ఉండదు. వయసు మీద పడ్డాక వచ్చే మాక్యులా జబ్బుకి మందు లేని రోజుల్లో జనం చూపు కోల్పోయారంటే అర్థం ఉంది. మందు ఉండి, దొరుకుతూ కూడా బావగారి కథ విని మానేయడానికి అర్థమేమిటి?

ఆ బావగారికి అసలు ఏం జరిగి ఉంటుందో చూద్దాం. 70 దాటిన ఒక రిటైర్డ్ మాస్టారిని ఊహించుకోండి. ఎడమ కంటితో చూస్తే తలుపు చట్రం వంకరగా, పేపర్లో అక్షరాలు మధ్యలో చెరిగిపోయినట్టు కనబడుతున్నాయి. పరీక్షలో చూపు 6/24. ఓసీటీ స్కాన్‌లో మాక్యులా కింద నీరు. జబ్బు పేరు వెట్ ఏఎండీ. నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు వేశారు. నీరు తగ్గింది, చూపు 6/12కి వచ్చింది. నాలుగో ఇంజెక్షన్ తేదీకి మాస్టారు రాలేదు. బాగానే కనబడుతోంది కదా అనుకున్నారు, పైగా ఖర్చు, పైగా కొడుక్కి సెలవు లేదు. నాలుగు నెలలకి ఒక ఉదయం చూపు మధ్యలో నల్లటి మరక. కొత్త రక్తనాళం చిట్లి లోపల రక్తం చేరింది. తర్వాత అది మచ్చగా మారింది, చూపు 6/60. ఊళ్లో మాత్రం కథ రెండు ముక్కల్లో తేలిపోయింది: సూదులు వేయించుకున్నాడు, చూపు పోయింది. మధ్యలో ఖాళీగా పోయిన నాలుగు నెలల సంగతి ఎవరూ చెప్పరు.

ఇది అర్థం కావాలంటే ఈ జబ్బులోని డ్రై, వెట్ రకాల తేడా తెలియాలి. డ్రై రకంలో రెటీనా అడుగున పసుపుపచ్చని మడ్డి పేరుకుంటుంది. డాక్టర్లు దాన్ని డ్రూసెన్ అంటారు. దాని మీదున్న కణాలు ఏళ్ల తరబడి, నెమ్మదిగా పలచబడతాయి. ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమందిది ఈ రకమే. వెట్ రకం పదిమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. అయితే ఎక్కువగా డ్రై ఉన్న కంట్లోనే వస్తుంది, వచ్చాక ఏళ్లు ఆగదు, వారాల్లో పని కానిస్తుంది. రెటీనా వెనకున్న రక్తనాళాల పొర నుంచి కొత్త నాళాలు పుట్టి, మధ్యలో ఉన్న సన్నటి పొరను చీల్చుకుని మాక్యులా కిందికి చేరతాయి. అవి ఆరోగ్యంగా పెరిగిన నాళాలు కావు. గోడలు బలహీనం, నీరు కారుతుంటుంది, ఒక్కోసారి రక్తమే కారుతుంది.

ఆ నాళాలను పుట్టించి, కారేలా చేసే ప్రోటీన్ పేరు వీఈజీఎఫ్. కంట్లో వేసే మందు చేసే పని ఒక్కటే: ఆ ప్రోటీన్ నాళం గోడ మీదున్న గ్రాహకానికి అతుక్కోకముందే దాన్ని పట్టేసుకుంటుంది. సంకేతం అందకపోతే కారడం ఆగుతుంది, చేరిన నీరు ఇంకిపోతుంది, మాక్యులా మళ్లీ చదునవుతుంది. అంతవరకే. జబ్బుకి మూలమైన కారణాన్ని మందు తీసేయదు. కన్ను ఆ ప్రోటీన్‌ని తయారుచేస్తూనే ఉంటుంది. మందేమో వారం పదిరోజులకొకసారి సగానికి సగం తగ్గిపోతూ ఉంటుంది. నెల, రెండు నెలలు దాటేసరికి చాలా కళ్లలో పట్టేంత మందు మిగలదు, కారడం మళ్లీ మొదలవుతుంది. మాస్టారి కంట్లో జరిగింది ఇదే.

గట్టు తెగి వరిచేలో నీళ్లు నిలిచాయనుకోండి. రెండు మూడు రోజుల్లో నీళ్లు తీసేస్తే పైరు నిలబడుతుంది. పక్షం రోజులు మునిగి కుళ్లిపోయాక చేను ఎంత ఆరబెట్టినా పైరు లేవదు. కాబట్టి "సూది వేస్తే చూపు పెరుగుతుందా?" అని అడిగేవాళ్లు ముందు చెప్పాల్సింది నీళ్లు నిలిచి ఎన్నాళ్లయిందో.

సూది వల్లే చూపు పోతుందన్నది నిజమైతే అది ఎక్కడో ఒకచోట లెక్కల్లో కనబడాలి. 2006లో ప్రచురితమైన మరీనా అనే పరీక్షలో 716 మంది వెట్ రోగులు పాల్గొన్నారు. కొందరికి నెలనెలా రానిబిజుమాబ్ మందు ఇచ్చారు, మిగతావాళ్లకి సూది లేని సిరంజిని కంటికి ఆనించి, ఇంజెక్షన్ చేసినట్టు నటించారు. ఏడాదికి, పూర్తి మోతాదు అందినవాళ్లు చార్టు మీద సగటున ఏడు అక్షరాలు ఎక్కువ చదివారు. మందు అందనివాళ్లు పది అక్షరాలు పోగొట్టుకున్నారు. మందు పడినవాళ్లలో మూడో వంతు మందికి చూపు బాగా మెరుగైంది. అందరికీ మెరుగవదు, నిజమే. కానీ ఏమీ చేయని కళ్లకు ఏమైందో పక్కనే ఉంది, చూసుకోండి.

భయంలో సగం సూది ఎక్కడికి వెళ్తుందో తెలియకపోవడం వల్ల వస్తుంది. అది కనుపాపలో గుచ్చరు. ముందు చుక్కల మందుతో మొద్దుబారుస్తారు. రెప్పలు, వెంట్రుకలు, కన్ను పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేస్తారు. తర్వాత మండేది చాలావరకు ఈ అయోడినే. రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు. నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లు కొలిచి తెల్లగుడ్డులోంచి సన్నటి సూది దించుతారు. ఆ చోటే ఎందుకంటే, అక్కడ ముందున్న లెన్సుకీ వెనకున్న రెటీనాకీ తగలకుండా లోపలి జెల్లీలోకి వెళ్లొచ్చు. లోపలికి పోయే మందు 0.05 మిల్లీలీటరు, అంటే ఇంచుమించు ఒక చుక్క. సూది లోపల ఉండేది క్షణాలే. తర్వాత ఒకటి రెండు రోజులు నల్లటి గుండ్రటి బుడగలు తేలుతూ కనిపించవచ్చు, తెల్లగుడ్డు మీద ఎర్రటి మరక రావచ్చు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. పక్కింటావిడ "చూశారా, కన్ను ఎలా అయిపోయిందో" అనేది సరిగ్గా ఈ మరక చూసే.

ఇక ఒక అపోహకి మాత్రం, ఇష్టం లేకపోయినా, సగం మార్కులు వేయాలి. "అది క్యాన్సర్ మందట" అంటారు. అవును, బెవాసిజుమాబ్ 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కి వచ్చిన మందే. కంటికి వాడటానికి దాన్ని తయారుచేయలేదు. అయితే 2011లో వచ్చిన క్యాట్ అనే అమెరికా పరీక్షలో దాన్నీ, కంటికోసమే చేసిన ఖరీదైన రానిబిజుమాబ్‌నీ ఒకే పద్ధతిలో వాడి చూస్తే చూపులో ఫలితం సమానంగా వచ్చింది. కంట్లో పడేది 1.25 మిల్లీగ్రాములు. క్యాన్సర్ రోగికి కిలో బరువుకి అయిదు మిల్లీగ్రాములు లెక్కేసినా 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు అవుతుంది. అందుకని జుట్టు రాలిపోతుందేమోనని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

భయపడాల్సింది ఇంకోచోట. క్యాన్సర్ సీసా పెద్దది, కంటికి కావలసింది చుక్క. కాబట్టి ఒక సీసాని చాలామందికి పంచుతారు. ఆ పంచడంలో శుభ్రత తప్పితే, లేదా సీసాయే నకిలీదైతే, ఒకేరోజు చాలా కళ్లు పాడవుతాయి. 2016 మొదట్లో గుజరాత్‌లో అలాంటి ఘటన తర్వాత కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందు కంట్లో వాడొద్దని హెచ్చరించి, నిపుణులు పరిశీలించాక ఆ హెచ్చరికని వెనక్కి తీసుకుంది. మామూలుగా ఏ మందుతోనైనా తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ రెండు మూడు వేల ఇంజెక్షన్లలో ఒకదానికి వస్తుంది. అరుదే, కానీ వస్తే ఆ కంటికి ప్రమాదమే. కాబట్టి "ఈ మందు ఏది? సీసా పంచి ఇస్తున్నారా, ఎక్కడ పంచారు?" అని అడగండి. సంకోచం అక్కర్లేదు. మన దేశంలోనే తయారైన రానిబిజుమాబ్ 2015 నుంచి దొరుకుతోంది, ధర గురించి అడిగి పోల్చుకోవచ్చు. ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే ముందే చెప్పండి.

మిగతావి గబగబా. డ్రై ఏఎండీ అంటే కళ్లు పొడిబారడం కాదు, చుక్కల మందు పోస్తే తగ్గదు. టీవీ, ఫోను చూడటం వల్ల ఈ జబ్బు రాదు. శుక్లం ఆపరేషన్ శుక్లం తీస్తుంది, మాక్యులాని బాగుచేయదు. అద్దాలు మార్చినా అంతే. క్యారెట్లు కూర వండుకోండి, మందనుకోకండి. తేనె, ఉల్లిరసం కంట్లో పోసుకునేవాళ్లకి చెప్పడానికి మర్యాదైన మాట దొరకడం లేదు. ఈ జబ్బుతో పూర్తి చీకటి అయిపోతుందన్నదీ నిజం కాదు. పోయేది మధ్య చూపు, పక్క చూపు సాధారణంగా మిగులుతుంది. డ్రై ఉన్నవాళ్లకి ఈ వీఈజీఎఫ్ సూదులు ముందుజాగ్రత్తగా వేయడం కూడా లేదు. అమెరికాలోని పిల్లలు "ఇక్కడ డ్రైకీ ఇంజెక్షన్ వచ్చింది" అని ఫోన్లు చేస్తున్నారు. 2023లో అక్కడ అనుమతి వచ్చిన రెండు మందులూ డ్రై బాగా ముదిరిన దశకి, అవీ క్షీణతని నెమ్మది చేసేవే. పోయిన చూపుని తెచ్చేవి కావు.

డ్రై ఉన్నవాళ్లు చేయాల్సిన పనులు వేరు. పొగ మానండి. సిగరెట్టయినా, చుట్టయినా, ఉత్తరాంధ్ర అడ్డపొగ అయినా పొగ పొగే. విటమిన్-జింక్ మాత్రలు మధ్య దశకి చేరినవాళ్లకి మాత్రమే కొంత పనిచేస్తాయి. డాక్టరు రాస్తే వేసుకోండి, మందుల షాపువాడు ఇస్తే కాదు. పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు బీటా కెరోటిన్ ఉన్న రకం వద్దనాలి, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని తేలింది.

అన్నిటికంటే ముఖ్యంగా, డ్రై వెట్‌గా మారిన వారంలోనే పట్టుకోవాలి. గోడ మీద తెలుగు క్యాలెండరు ఉంటుందిగా. దగ్గర చూపు అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో మధ్య గడిలోని తేదీని చూడండి. చుట్టూ గీతలు వంకర తిరిగినా, ఒక గడి మాయమైనా, మరకలా కనబడినా వెంటనే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లండి. తర్వాత రెండో కన్ను. రెండూ కలిపి చూస్తే బాగున్న కన్ను చెడ్డదాన్ని దాచేస్తుంది, అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారు.

ఇంజెక్షన్లు మొదలైనవాళ్లకి రెండు మాటలు. మూడు వేశాక "అయిపోయింది" అనుకోవద్దు. మాక్యులాలో నీరు లేకపోతే డాక్టరు గడువుని రెండేసి వారాలు పెంచుకుంటూ పోతారు, కొందరికి మూడు నాలుగు నెలల వరకూ వెళ్తుంది. ఎంత పెంచాలన్నది స్కాన్ చెప్పాలి, మన తీరిక కాదు. ఖర్చు కష్టమైతే ఆ మాటే డాక్టరుతో చెప్పండి, చవక మందుకి మారవచ్చు, చెప్పకుండా మానేస్తే మారడానికి ఏమీ మిగలదు. రెండో మాట: ఇంజెక్షన్ వేసిన వారంలోపు నొప్పి, ఎరుపు పెరుగుతూ చూపు తగ్గుతూ పోతే తెల్లారేదాకా ఆగవద్దు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇక వచ్చే అపాయింట్‌మెంటు తేదీ ఎప్పుడన్నది ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. బావగారి కథ చెప్పేవాళ్లు ఎదురైతే, ఆయన ఎన్నో ఇంజెక్షన్ దగ్గర మానేశారో ఒక్కసారి అడగండి.