ఈరోజు కట్టే డబ్బు బ్రాకెట్ బయటే

ఊళ్లో చెక్క గానుగ పెట్టాలని అనుకుంటున్న వారి లెక్క ఒకటి చూద్దాం. యంత్రానికీ బిగింపుకీ ఈరోజే 4,00,000 రూపాయలు కట్టాలి. ఖర్చులన్నీ పోను ఏటా 1,20,000 చొప్పున ఐదేళ్లు మిగులుతుందని అంచనా. ఆ డబ్బును మరోచోట పెడితే 12 శాతం వస్తుందనుకుంటే, గానుగ గిట్టుబాటవుతుందా? రాబోయే రాబడులను ఈనాటి విలువకు తగ్గించి కూడి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది నికర ప్రస్తుత విలువ. అది సున్నాకు పైన ఉంటే గిట్టుబాటే.

ఎక్సెల్ షీట్‌లో E1 సెల్‌లో 12% రాశాం. B2లో -400000, B3 నుంచి B7 దాకా ఒక్కో సెల్‌లో 120000 పెట్టాం. చాలామంది తర్వాత రాసే ఫార్ములా ఇది:

```
=NPV(E1,B2:B7)
```

జవాబు 29,083 వస్తుంది. షీట్ ఎక్కడా తప్పు చూపించదు, కానీ ఆ జవాబు తప్పే. NPV ఫంక్షన్ తనకిచ్చిన మొదటి అంకెను ఈరోజుదిగా చూడదు, ఏడాది చివరిదిగా చూస్తుంది. అంటే ఇవాళ చేతినుంచి వెళ్లిపోయే నాలుగు లక్షలను ఏడాది తర్వాత కట్టేవిగా లెక్కేసి, వాటి విలువను 3,57,143కు తగ్గించింది. మొదటి ఏడాది చివర రావాల్సిన రాబడిని రెండో ఏడాది చివరికి నెట్టింది. మిగతావీ అలాగే తలా ఒక ఏడాది వెనక్కి జరిగాయి. పాఠ్యపుస్తకంలో ఈ పేరుకున్న అర్థంలో ఈనాటి పెట్టుబడి కూడా కలిసే ఉంటుంది. షీట్‌లోని ఫంక్షన్ మాత్రం రాబోయే మొత్తాలకే పనికొస్తుంది. తికమకంతా ఈ తేడాతోనే.

కాబట్టి ఈనాటి డబ్బును బ్రాకెట్ బయట ఉంచాలి:

```
=B2+NPV(E1,B3:B7)
```

ఐదేళ్ల రాబడుల ఈనాటి విలువ 4,32,573. అందులోంచి నాలుగు లక్షలు పోతే 32,573. ఇదీ అసలు జవాబు. B2లో మైనస్ గుర్తు ముందే ఉంది కనుక ఇక్కడ కూడాలి. పెట్టుబడి కదా అని మళ్లీ తీసేస్తే మైనస్ మైనస్ కలిసి నాలుగు లక్షలు లాభంలో చేరిపోతాయి. అప్పుడు కనిపించే 8,32,573 మరీ పెద్దదిగా ఉంటుంది కాబట్టి ఎవరికైనా అనుమానం వస్తుంది. ముందు చెప్పిన తప్పుతో ఆ అవకాశం లేదు. తప్పు జవాబు ఎప్పుడూ ఒప్పు జవాబును 1.12తో భాగించినంతే ఉంటుంది. లాభం లాభంగానే, నష్టం నష్టంగానే కనిపిస్తుంది కాబట్టి చూసేవారికి శంక రాదు. IRR ఫంక్షన్‌తో సరిచూసినా ఇది దొరకదు. IRR ఇచ్చిన రేటును పెడితే రెండు ఫార్ములాలూ సున్నానే చూపిస్తాయి.

గుర్తు మారనప్పుడు నష్టమేముంది అనిపించవచ్చు. పోల్చే చోట ఉంది. పిండిమర పెడితే నికర ప్రస్తుత విలువ 31,000 అని ఇంకొకరు సరైన పద్ధతిలో లెక్కగట్టి ఇచ్చారనుకోండి. పక్కన గానుగ 29,083గా కనిపిస్తే పిండిమరే మేలనిపిస్తుంది. నిజానికి గానుగే ముందుంది. రెండింటికీ ఒకే తప్పు చేసి ఉంటే వరుస మారేది కాదు. ఒకరిది తప్పు, ఒకరిది ఒప్పు అయినప్పుడే నిర్ణయం తారుమారవుతుంది. షీట్లు చేతులు మారే చోట ఇది తేలిగ్గా జరిగే పని.

ఖాళీ సెల్‌తో ఇంకో చిక్కుంది. మూడో ఏడాది మరమ్మతు వల్ల ఏమీ మిగలదనుకుని B5ని ఖాళీగా వదిలేస్తే, NPV దాన్ని సున్నాగా చూడదు, అసలు లేనట్టే దాటేస్తుంది. నాలుగు, ఐదు ఏళ్ల రాబడులు ఒక్కో ఏడాది ముందుకు వచ్చేస్తాయి. 52,840 రూపాయల నష్టం కాస్తా 35,518గా కనిపిస్తుంది. అందుకే రాబడి లేని ఏడాదికి 0 అని తప్పక టైప్ చేయాలి.

ఏ ఫంక్షన్‌నూ నమ్మకుండా సరిచూసుకోవాలంటే A2 నుంచి A7 దాకా 0, 1, 2, 3, 4, 5 రాసి, C2లో ఇది పెట్టి C7 దాకా కిందికి లాగండి:

```
=B2/(1+$E$1)^A2
```

మొదటి వరుసలో ఏడాది సున్నా కనుక నాలుగు లక్షలు తగ్గకుండా అలాగే ఉంటాయి. తర్వాతి వరుసలో 1,07,143, ఆ కిందది 95,663, అలా దిగుతూ పోతాయి. C నిలువు వరుస మొత్తం 32,573 రావాలి. 29,083 వస్తే A2లో 0 బదులు 1తో మొదలుపెట్టారన్నమాట.

రాబడులు సరిగ్గా ఏడాదికొకసారి కాకుండా వేర్వేరు తేదీల్లో వస్తే XNPV ఉంది. దానికి ప్రతి మొత్తంతోపాటు తేదీ కూడా ఇవ్వాలి. అది మొదటి తేదీనే ఈరోజుగా తీసుకుంటుంది కాబట్టి, అక్కడ మాత్రం పెట్టుబడిని మిగతా మొత్తాలతో కలిపి బ్రాకెట్ లోపలే ఇవ్వాలి. NPV అలవాటుతో దాన్ని బయటికి తీస్తే, మొదటి రాబడి తేదీ నుంచి లెక్క మొదలై ఆ రాబడి ఏమాత్రం తగ్గకుండా ఉండిపోతుంది.