రాత్రి దిగని అంకె

రాజపాళయం నూలు మిల్లుల్లో కదుళ్లకు రాత్రీ పగలూ ఒకటే. వాటి దగ్గర నిలబడే మనిషికి మాత్రం ఒకటి కాదు. నిద్రలోకి జారగానే నాడి నెమ్మదిస్తుంది, రక్తనాళాలు సడలుతాయి, బీపీ మేలుకున్నప్పటి కంటే 10 నుంచి 20 శాతం దిగుతుంది. ఈ సంగతి పట్టుకోవడానికి వైద్యులకు చాలాకాలం పట్టింది. నిద్రపోయేవాణ్ణి లేపకుండా బీపీ చూసేదెలా?

1960ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మారిస్ సోకోలో బృందం భుజానికి తగిలించుకుని తిరిగే యంత్రాన్ని వాడింది. తమాషా ఏమిటంటే, పట్టీలోకి గాలి కొట్టాల్సింది రోగే. నిద్రలో ఎవరు కొడతారు? ఆక్స్‌ఫర్డ్‌వారు ఏకంగా చేతి ధమనిలోకి సన్నని గొట్టం దించి, రాత్రంతా టేపు మీద బీపీ నమోదు చేశారు. వివరమైన లెక్క దొరికింది గానీ, మామూలు ఆసుపత్రిలో చేసే పని కాదది. తర్వాత తనంతట తానే గాలి నింపుకునే పట్టీలు వచ్చాయి. వాటితో డబ్లిన్‌లో ఓబ్రయన్ బృందం 1988లో రోగులను రెండుగా విడదీసింది: రాత్రి దిగేవారు డిప్పర్లు, దిగనివారు నాన్‌డిప్పర్లు. దిగనివారిలో పక్షవాతం వచ్చినవారు ఎక్కువగా కనిపించారు.

ఇప్పుడు నైట్ షిఫ్ట్ కార్మికుణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. ఉదయం 8కి పడుకుని మధ్యాహ్నం 3కి లేస్తాడు. మేలుకున్నంతసేపూ పై అంకె సగటు 140, నిద్రలో 119. తగ్గింది 21, అంటే 15 శాతం. చక్కటి డిప్పరే. కానీ యంత్రంలో రాత్రి అంటే 10 నుంచి 6 వరకు అని పెట్టి ఉంటే? ఆ వేళ అతను మిల్లులో ఉన్నాడు, సగటు 140. నిద్రపోయిన గంటలు పగటి లెక్కలో కలిసి అక్కడి సగటు 131కి పడిపోతుంది. రాత్రి బీపీ పెరుగుతోందని రిపోర్టు చెబుతుంది! తప్పు గుండెది కాదు, గడియారానిది.

నిద్రవేళలు సరిచూశాక కూడా అంకె దిగకపోతే అప్పుడు ఆలోచించాలి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే ఆగిన ప్రతిసారీ శరీరం ఉలిక్కిపడి బీపీని ఎగదోస్తుంది. మూత్రపిండాలు పగలు ఉప్పును పూర్తిగా పంపలేకపోతే, మిగిలినదాన్ని తోసేయడానికి రాత్రి కూడా ఒత్తిడి నిలబడుతుంది. ముదిరిన మధుమేహం నరాలను దెబ్బతీస్తే నాడి కూడా నెమ్మదించదు. ఒక్క రాత్రి రిపోర్టుతో ఏదీ తేల్చలేం. పట్టీ బిగిసినప్పుడల్లా మెలకువ వచ్చినా అంకె దిగదు. అందుకే అనుమానముంటే మళ్లీ కడతారు.

ఆ పట్టీ మీకు కట్టినరోజు, పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో వచ్చిన మెలకువలు, మధ్యాహ్నపు కునుకు కూడా ఓ కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి.