పోయిన ఫైళ్ళను వేరే డ్రైవులోనే సేవ్ చేయాలి



ఇటీవల తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో, పదిరోజుల పాల బిల్లులున్న 32 జీబీ పెన్ డ్రైవును పొరపాటున క్విక్ ఫార్మాట్ చేశారు. ఫైళ్ళను తిరిగి తీసే ప్రోగ్రాము నడిపి, వచ్చినవాటిని అదే పెన్ డ్రైవులో సేవ్ చేశారు. మొదటి కొన్ని ఫైళ్ళు బాగానే తెరుచుకున్నాయి. తరువాతివి తెరవబోతే ఫైలు చెడిపోయిందని ఎక్సెల్ చెప్పింది. చివరకు మూడు నెలల బిల్లులను సభ్యుల పాస్ పుస్తకాలు చూసి మళ్ళీ రాసుకోవలసి వచ్చింది.

ఇలా ఎందుకు జరిగింది? క్విక్ ఫార్మాట్ చేసినప్పుడు చెరిగిపోయేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే సూచిక మాత్రమే. బిల్లులు వాటి చోటనే ఉంటాయి. కాని కంప్యూటరు ఆ చోటును ఖాళీగా లెక్కిస్తుంది. మొదటి బిల్లును తీసి అదే డ్రైవులో పెడితే, అది ఇంకా తీయని పదో బిల్లు మీద పడవచ్చు. అలా ఒకసారి పైన రాసినది పడితే, కింద పోయినది ఏ ప్రోగ్రాముతోనూ రాదు.

కాబట్టి పొరపాటు తెలిసిన వెంటనే పెన్ డ్రైవును తీసి పక్కన పెట్టండి. తరువాత వేరే డిస్కులోకి దాని మొత్తం నకలు, అంటే ఇమేజి, తీసి ఆ నకలు మీదనే పని చేయండి. నకలు తీసే ప్రోగ్రాములో Read, Write అని రెండు మీటలుంటే Read మాత్రమే నొక్కాలి. Write నొక్కితే పెన్ డ్రైవు మీదనే రాస్తుంది.

ఇక చోటు లెక్క. "మా బిల్లులన్నీ కలిపి 6 జీబీయే గదా" అని 6 జీబీ చూసుకుంటే చాలదు. నకలులో ఖాళీ భాగం కూడా వస్తుంది గనుక దానికి 32 జీబీ కావాలి. తిరిగి తీసేటప్పుడు ఎప్పుడో తీసేసిన పాత ఫైళ్ళు, తునకలు కూడా బయటపడతాయి. వాటికి మరో 32 జీబీ ఉంచాలి. మొత్తం 64, కొంత వెసులుబాటుతో 70 జీబీ అనుకోండి. అంత చోటు లేకపోతే PhotoRec వంటి ప్రోగ్రాములో ఎక్సెల్, పీడీఎఫ్ రకాలనే ఎంచుకుంటే రెండో భాగం బాగా తగ్గుతుంది. అయితే ఇలా తీసిన ఫైళ్ళకు పాత పేర్లు సాధారణంగా ఉండవు. తెరిచి చూసి తేదీల ప్రకారం పేర్లు పెట్టుకోవాలి.

మరొక చిక్కు ఉంది. నకలు పెట్టే డిస్కు FAT32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఒకే ఫైలును అది తీసుకోదు. చోటున్నా పని మధ్యలో ఆగిపోతుంది. డిస్కు Properties లో NTFS లేదా exFAT అని ఉన్నదీ లేనిదీ ముందే చూసుకోండి.

తీసిన బిల్లులన్నీ తెరిచి, మొత్తాలను పాల రిజిస్టరుతో సరిచూసిన తరువాతనే పాత పెన్ డ్రైవును మళ్ళీ వాడాలి.