న్యాయవాదిగా పేరు నమోదు: పత్రాల పరిశీలన నుంచి ప్రాక్టీస్ సర్టిఫికెట్ దాకా

లా పట్టా ఉన్నవారు న్యాయవాది కావాలంటే 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ నిర్వహించే రోల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఏ రాష్ట్రంలో ప్రాక్టీస్ చేయదలచుకుంటే ఆ రాష్ట్ర కౌన్సిల్‌కే దరఖాస్తు పెట్టాలి. హైదరాబాద్‌లో చదివినా విజయవాడలో వాదించాలనుకునేవారు ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌కు వెళ్లాలి. తరవాత మకాం మారితే రోల్ బదిలీకి వీలుంది, దానికి చట్టప్రకారం రుసుము లేదు.

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన లా పట్టా ఉండాలి. నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడినవారికి విడుదలైన రెండేళ్ల వరకు నమోదు ఉండదు. పూర్తికాలపు జీతం ఉద్యోగంలో ఉన్నవారు సాధారణంగా ఆ ఉద్యోగం వదిలాకే ప్రాక్టీస్‌కు రావాలి.

ఎక్కువమంది ఆగిపోయేది పత్రాల పరిశీలన దగ్గర. కౌన్సిల్ చూసేది ఎల్‌ఎల్‌బీ పట్టా ఒక్కటే కాదు. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ, లా అన్నీ వరసగా, మధ్యలో మెట్టు తప్పకుండా జరిగాయా అని చూస్తుంది. 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ నిబంధనల ప్రకారం దూరవిద్యలో చదివిన ఇంటర్, డిగ్రీ చెల్లుతాయి. అయితే ముందు చదువేదీ లేకుండా నేరుగా ఓపెన్ విధానంలో డిగ్రీ చేసినవారికి లా కోర్సులో చేరే అర్హతే లేదు. ఇంటర్ లేకుండా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరినవారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. మూడేళ్లు కష్టపడి లా చదివాక ఈ సంగతి బయటపడటం చాలా బాధాకరం. కాలేజీలో చేరే రోజే దీన్ని తేల్చుకోవాలి.

రెండో చిక్కు పేర్లది. ఉదాహరణకు, ఒకామె పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. డిగ్రీలో అదే పూర్తిగా ఉంది. పెళ్లయ్యాక చదివిన ఎల్‌ఎల్‌బీ పట్టాలో భర్త ఇంటిపేరు వచ్చింది. పరిశీలించే గుమాస్తాకు ఇవి మూడు పేర్లు. వివాహ ధ్రువపత్రం, ఈ మూడు పేర్లూ ఒక్కరివేనని చెప్పే అఫిడవిట్ జతచేస్తే లంకె కుదురుతుంది. తేడా అచ్చుతప్పు వల్ల వచ్చిందైతే ముందే యూనివర్సిటీలో దిద్దించుకోవడం మేలు. రోల్‌లోకి ఎక్కిన పేరే వకాలత్‌నామాల మీద, తీర్పుల్లో కనిపిస్తుంది మరి.

పట్టాలు అసలువో కావో యూనివర్సిటీలనే అడిగి తెలుసుకుంటారు. నకిలీ పట్టాలతో నల్లకోటు వేసుకున్నవారిని ఏరడానికి సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఉన్నతస్థాయి కమిటీని నియమించింది. యూనివర్సిటీలు రుసుము తీసుకోకుండా పట్టాలు సరిచూసి పంపాలనీ ఆదేశించింది. మోసంతో నమోదైన పేరును ఎన్నేళ్ల తరవాతైనా తొలగించే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉంది.

నమోదు రుసుము చట్టంలోనే రాసి ఉంది: రూ.750. ఎస్సీ, ఎస్టీలకు రూ.125. అయినా చాలా రాష్ట్రాల కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద వేలకు వేలు వసూలు చేసేవి. పేద ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఇది పెద్ద అడ్డుగోడ. గౌరవ్ కుమార్ కేసులో 2024 జులై 30న సుప్రీంకోర్టు ఈ వసూళ్లు చెల్లవని తేల్చింది. ఆ రోజు నుంచి నమోదు షరతుగా చట్టం చెప్పిన రుసుము, స్టాంపు సుంకం వర్తిస్తే అది మాత్రమే తీసుకోవాలి. అంతకుముందు కట్టినవారికి మాత్రం తిరిగి రాదు.

ఎన్‌రోల్‌మెంట్ కమిటీ ఆమోదిస్తే పేరు రోల్‌లో చేరుతుంది, నమోదు సంఖ్యతో ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ వస్తుంది. తిరస్కరించదలిస్తే కమిటీ కారణాలు రాసి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు నివేదించాలి. దాని అభిప్రాయం ప్రకారమే నడుచుకోవాలి. కాబట్టి నోటిమాటతో పంపించేస్తే ఊరుకోకుండా రాతపూర్వక ఉత్తర్వు అడగవచ్చు.

ఈ సర్టిఫికెట్‌తో పని పూర్తి కాదు. 2009-10 విద్యాసంవత్సరం నుంచి లా పూర్తిచేసినవారంతా ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కాలి. అందాకా నమోదు తాత్కాలికమే, గడువు రెండేళ్లు. బహుళైచ్ఛిక ప్రశ్నలు వంద ఉంటాయి, వ్యాఖ్యానం లేని చట్ట ప్రతులను చూసి రాయవచ్చు. పరీక్ష చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఉత్తీర్ణులకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ ఇస్తుంది.

రెండు పత్రాలూ వేరు, రెంటి తేదీలూ వేరు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మేలో తీర్పిచ్చినప్పుడు సుప్రీంకోర్టు ఆ కాలాన్ని తాత్కాలిక నమోదు తేదీ నుంచే లెక్కించమంది. బార్ పరీక్ష ఆలస్యమైనందుకు ఆ ప్రాక్టీస్ కాలం తగ్గిపోదు.