చెప్పింది చెప్పినట్టు రాస్తే చదవలేం

పాడ్‌కాస్ట్‌లో ఒకరు అరగంట మాట్లాడితే, వేగాన్ని బట్టి, దాదాపు మూడు వేల మాటలు పోగవుతాయి. వాటిని పొల్లుపోకుండా రాసుకున్న ప్రతినే ట్రాన్‌స్క్రిప్ట్ అంటారు. వింటున్నప్పుడు హాయిగా సాగిపోయిన సంభాషణే అయినా, ఆ ప్రతిని చదవబోతే నాలుగు వాక్యాలకే విసుగు పుడుతుంది. ఇందులో మాట్లాడినవారి తప్పేమీ లేదు. వినేవారికి గొంతు సాయం చేస్తుంది. ఎక్కడ ఆగాలో, ఏ మాట ముఖ్యమో, ఏది వేళాకోళమో గొంతే చెబుతుంది. పైగా విన్నదాన్ని మళ్లీ వెనక్కి వెళ్లి వెతుక్కోవడం కష్టం కనుక, మాట్లాడేవారు ఒకే విషయాన్ని రెండు మూడుసార్లు చెబుతారు. చదివేవారికి గొంతు వినిపించదు, కానీ పై పేరాలోకి చూపు తిప్పుకునే వీలుంటుంది. అందుకే గొంతు చేసిన పనిని వ్యాసంలో వాక్యం చేయాలి. చెవి కోసం మళ్లీ మళ్లీ చెప్పినవి తగ్గాలి.

ఈ పని ఎలా సాగుతుందో చూడడానికి ఒక ఎపిసోడ్‌ను ఊహించుకోవచ్చు. ఏటా ఇంట్లో ఆవకాయ పెట్టే ఒక పెద్దావిడతో నలభై నిమిషాల సంభాషణ అది. ఆవిడకు విషయం బాగా తెలుసు, చెప్పే తీరూ బాగుంటుంది. అయినా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఒక ముక్క ఇలా ఉంటుంది:

“అంటే ఏంటంటే, ఇప్పుడు కాయ కడిగి ఆరబెట్టి కోస్తాం కదా, కోసింతర్వాత మళ్లీ తుడవాలి, లోపల జీడి ఉంటది చూశారా, దాని చుట్టూ పల్చటి పొర, అది తీసెయ్యాలి. చాలామంది తియ్యరు అది. మా అత్తగారయితే తడి చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు అసలు, ఆ రోజుల్లో. తడి తగిలిందా, అంతే ఇంక, బూజే. ఉప్పు మాత్రం ఇంత పడాలి. తక్కువైనా బూజొస్తది అనుకుంటా. మూడోరోజు తిరగేస్తాం అన్నమాట, అప్పుడు చూస్కోవాలి, నూనె పైకి తేలిందా లేదా అని.”

ముందు ఆడియో, తర్వాత కత్తెర

మొదటి పని ప్రతిని ఆడియోతో సరిచూడడం. సాఫ్ట్‌వేర్ రాసిచ్చినా, మనిషి విని రాసినా తెలుగులో కొన్ని తప్పులు తరచుగా దొర్లుతాయి. హ్రస్వదీర్ఘాలు తారుమారవుతాయి, పేర్లు మారిపోతాయి, రెండు మాటలు ఒకటిగా అతుక్కుంటాయి. ‘పాళ్లు’ అన్నది ‘పాలు’ అని పడితే ఆవకాయలోకి పాలు వచ్చి చేరతాయి. ‘మూడో రోజు’ అన్నది ‘మూడు రోజులు’ అయితే ఒక్కసారి చేయాల్సిన పని మూడు రోజుల పనిగా మారుతుంది. ఇలాంటివి చదివేటప్పుడు పట్టుబడవు, ఎందుకంటే వాక్యం తప్పుగా ఉన్నా అర్థవంతంగానే కనిపిస్తుంది. అంకెలు, కొలతలు, పేర్లు వచ్చిన ప్రతిచోటా ఆడియో మళ్లీ వినక తప్పదు.

వినేటప్పుడే ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. పైముక్కలో ‘ఉప్పు ఇంత పడాలి’ అన్నప్పుడు ఆవిడ చేత్తో చూపించి ఉంటారు. ఎదురుగా కూర్చున్నవారికి అది చాలు. రాతలో ఆ ‘ఇంత’కు ఏ అర్థమూ లేదు. ఇంత, ఇలా, ఇక్కడ, ఆ రంగు వచ్చేదాకా వంటి మాటలన్నీ ప్రతిలో ఖాళీలే. వాటి పక్కన గుర్తు పెట్టుకుని, ఎన్ని గ్లాసుల ముక్కలకు ఎన్ని గ్లాసుల ఉప్పో ఆవిడనే అడగాలి. జవాబు దొరక్కపోతే ఆ వాక్యాన్ని తీసేయాలి తప్ప కొలతను ఊహించి రాయకూడదు.

జ్ఞాపకం వరస, పాఠకుడి వరస

చాలామంది ట్రాన్‌స్క్రిప్ట్‌ను మొదటి వాక్యం నుంచి దిద్దుకుంటూ పోతారు. పని ముగిసేసరికి వాక్యాలన్నీ శుభ్రంగా ఉంటాయి కానీ వ్యాసం మాత్రం తయారవదు. మాట జ్ఞాపకం వెంట నడుస్తుంది. నూనె గురించి చెబుతుంటే గానుగ గుర్తొస్తుంది, గానుగతో పుట్టిల్లు గుర్తొస్తుంది, అడిగిన ప్రశ్న ఎక్కడో ఉండిపోతుంది. పాఠకుడికి కావలసింది పని జరిగే వరస.

అందుకని వాక్యాల జోలికి పోకముందే, ఈ సంభాషణ ఏ ప్రశ్నకు జవాబిస్తోందో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఈ ఎపిసోడ్‌కు అది ‘ఆవకాయ ఏడాదంతా చెడకుండా ఉండాలంటే ఏం చేయాలి’ అన్నది. తర్వాత ప్రతిలోని ప్రతి పేరా పక్కన, అది దేని గురించో ఒకటి రెండు మాటల్లో రాయాలి: కాయ ఎంపిక, తడి, ఉప్పు, నూనె, మూడో రోజు, జాడీ, అత్తగారి జ్ఞాపకం. అప్పుడు అసలు బొమ్మ బయటపడుతుంది. తడి గురించి ఆరో నిమిషంలో ఒకసారి, పన్నెండో నిమిషంలో మరోసారి, ముప్పై మూడో నిమిషంలో ఇంకోసారి వచ్చి ఉండవచ్చు. అన్నిటికంటే ముందు చేయాల్సిన కాయ ఎంపిక చిట్టచివర వచ్చి ఉండవచ్చు.

ఒకే గుర్తున్న పేరాలను ఒకచోటికి చేర్చి, వాటిలో బాగా చెప్పినదాన్ని ఉంచి, మిగిలినవాటి నుంచి కొత్త వివరం ఏదైనా ఉంటే అందులో కలపాలి. ఆ తర్వాత కాయతో మొదలుపెట్టి జాడీ దాకా పేర్చుకోవాలి. పెట్టుకున్న ప్రశ్నకు పనికిరానివి ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టాలి. మూడు వేల మాటల ప్రతి ఇలా వెయ్యి, పన్నెండు వందల మాటలకు తగ్గినా పాఠకుడికి నష్టమేమీ ఉండదు. తగ్గేది ఎక్కువగా పునరుక్తి, పలకరింపులు, దారి తప్పిన కబుర్లు.

వాక్యం దగ్గర జరిగే మార్పు

తెలుగు మాటలో క్రియ తర్వాత కూడా తోకలు వేలాడుతుంటాయి. ‘తియ్యరు అది’, ‘పెట్టనిచ్చేవారు కాదు అసలు, ఆ రోజుల్లో’, ‘చూస్కోవాలి, నూనె తేలిందా లేదా అని’ అన్నవన్నీ అలాంటివే. మాట్లాడేవారు ముందు ముఖ్యమైనది అనేసి, మర్చిపోయినదాన్ని వెనక తగిలిస్తారు. రాతలో ఆ తోకను క్రియకు ముందుకు తెస్తే చాలా వాక్యాలు వాటంతటవే కుదురుకుంటాయి. అంటే, ఏంటంటే, అన్నమాట, చూశారా వంటి ఊతపదాలు చాలావరకు పోతాయి. కదా, కదా అంటూ గొలుసులా సాగిన వాక్యాన్ని ఒక్కో పనికి ఒక్కోటిగా విడగొట్టాలి.

ఇక్కడ దిద్దేవారు రెండో వైపు పడిపోయే ప్రమాదమూ ఉంది. మాటలా ఉండకూడదన్న పట్టుదలతో ‘ముక్కలు పొడివస్త్రముతో తుడవబడవలెను’ అని రాస్తే అది ఎవరి భాషా కాదు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడినప్పుడు కోరింది శిష్టవ్యావహారికాన్ని. నోటి నుంచి రాలిన ప్రతి తడబాటునూ అచ్చువేయమని కాదు, గ్రాంథికాన్ని పట్టుకు వేలాడమనీ కాదు. చదువుకున్నవారు తీరిగ్గా, ఆలోచించుకుని మాట్లాడితే వాక్యం ఎలా ఉంటుందో అదే కొలమానం.

అలా మార్చాక పైముక్క ఇలా అవుతుంది:

“ఆవకాయకు బూజు పట్టడానికి మొదటి కారణం తడి. కాయలను కడిగి, బాగా ఆరాకే ముక్కలు కొట్టాలి. ముక్కలోని జీడిని, దాని చుట్టూ ఉండే పల్చటి పొరను తీసేసి మళ్లీ తుడవాలి. పొర తీయడం చాలామంది వదిలేస్తారు. ‘మా అత్తగారయితే తడి చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు’ అని ఆవిడ గుర్తుచేసుకున్నారు. ఉప్పు తగ్గినా బూజు రావచ్చునని ఆవిడ అభిప్రాయం. మూడో రోజు తిరగకలిపేటప్పుడు నూనె పైకి తేలిందో లేదో చూసుకోవాలి.”

తడి అన్న కారణం మొదటి వాక్యంలోకి రావడం ఇందులో అసలు మార్పు. ప్రతిలో అది మధ్యలో ఎక్కడో ఉంది. అది ముందుకు రావడంతో, కడగడం, ఆరబెట్టడం, తుడవడం ఎందుకో పాఠకుడికి వెంటనే తెలుస్తుంది. ఉప్పు కొలత మాత్రం ఇందులో లేదు. జవాబు వచ్చాక చేర్చాలి.

తీసేయకూడని చిన్న మాటలు

ఊతపదాలను ఏరేసే ఊపులో అర్థాన్ని మోసే మాటలు కూడా కొట్టుకుపోతుంటాయి. ‘అనుకుంటా’ అటువంటిది. ‘బూజొస్తది అనుకుంటా’ అన్నదాన్ని ‘బూజు వస్తుంది’ అని దిద్దితే ఆవిడ అనుమానం నిర్ధారణగా మారిపోతుంది. ‘అంట’, ‘మా ఇంట్లో అయితే’, ‘ఆ రోజుల్లో’, ‘నేనయితే’ అన్నవీ ఇంతే. ఒక్కోటి చెప్పిన విషయం ఎంతవరకు వర్తిస్తుందో, ఎవరి నుంచి వచ్చిందో చెబుతుంది. వాటి రూపం మార్చవచ్చు: ‘అనుకుంటా’ను ‘రావచ్చునని అభిప్రాయం’గా, ‘అంట’ను ‘అని విన్నారట’గా రాయవచ్చు. మొత్తంగా తుడిచేస్తే మాత్రం వ్యాసం, ఆవిడ అనని మాటను ఆవిడ పేరు మీద వేసినట్టవుతుంది. పాఠకులకు అవసరమైన విషయమైతే దాన్ని తెలిసినవారి దగ్గర విడిగా నిర్ధారించుకుని, ఆ సంగతి వేరే వాక్యంలో రాయాలి.

గొంతును ఎక్కడ ఉంచాలి

అంతా రచయిత భాషలోకి మారిపోతే ఎవరు మాట్లాడారో తెలియదు. అందుకని కొన్ని మాటలను కొటేషన్‌లో ఉన్నవి ఉన్నట్టు ఉంచాలి. దేన్ని ఉంచాలన్నదానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఆ వాక్యాన్ని రచయిత ఇంకోలా చెప్పినా అంతే బాగుంటే కొటేషన్ అక్కర్లేదు. కొలతలు, విధానం, వరస ఈ కోవలోకి వస్తాయి. జ్ఞాపకం, అభిప్రాయం, కోపం, చమత్కారం మాత్రం చెప్పినవారి నోటితోనే బాగుంటాయి. ‘తడి తగిలిందా, అంతే ఇంక, బూజే’ అన్నదాన్ని రచయిత ఎంత తిరగరాసినా ఆ విసురు రాదు.

కొటేషన్‌లో ఊతపదాలు, తడబాట్లు తీసేయవచ్చు. మాటలు చేర్చకూడదు. ఆరో నిమిషంలో అన్నదాన్నీ ముప్పై మూడో నిమిషంలో అన్నదాన్నీ ఒకే కొటేషన్‌లో కుట్టకూడదు. ప్రశ్నకు జవాబుగా వచ్చిన మాటను, ప్రశ్న లేకుండా ఉంచినప్పుడు అర్థం మారుతోందేమో చూసుకోవాలి. ‘తప్పకుండా వాడొచ్చు’ అన్నది ‘వేరుశెనగ నూనె వాడొచ్చా’ అన్నదానికి జవాబైతే, ఆ నూనె పేరు కథనంలో ముందే రావాలి.

యాస విషయంలోనూ ఒకే నియమం పాటించాలి. కథనంలో ‘ఉంటది’ని ‘ఉంటుంది’ అని రాసినా, కొటేషన్‌లో ‘ఉంటది’నే ఉంచవచ్చు. ఒకే వ్యాసంలో ఒకరి యాసను వదిలేసి, ఇంకొకరి యాసను ‘దిద్దడం’ మాత్రం సరికాదు. అది పాఠకులకు వెంటనే కనిపిస్తుంది, ఒకరి మాట సరైనదనీ ఇంకొకరిది కాదనీ చెప్పినట్టవుతుంది.

ఆఖరి సరిచూపు

పూర్తయిన వ్యాసాన్ని ఆ ఎపిసోడ్ విననివారి చేత చదివించాలి. ఎవరు, ఎప్పుడు, ఎంత, దేన్ని అని వారు అడిగిన ప్రతిచోటా, వినేవారికి తెలిసి చదివేవారికి అందని విషయం మిగిలిపోయిందని అర్థం. తర్వాత గట్టిగా చదవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి కర్త ఎవరో మర్చిపోతే ఆ వాక్యాన్ని విడగొట్టాలి. చివరిగా కొటేషన్లను ఆడియోతో, కొలతలనూ పేర్లనూ మాట్లాడినవారితో సరిచూసుకోవాలి. వ్యాసం నుంచి సంభాషణకు వెళ్లినవారికి అక్కడ లేని మాటేదీ ఇక్కడ కనిపించకపోతే, పని సరిగ్గా జరిగినట్టే.