ఎంచే గేట్లు

నాలుగు తీగల మీద నాలుగు బిట్లు వస్తున్నాయి, బయటికి పోయే తీగ మాత్రం ఒక్కటే. ఏ బిట్‌ని వదలాలో తేల్చేది ఫోర్-టు-వన్ మల్టీప్లెక్సర్, వాడుకలో మక్స్. నాలుగింటిలో ఒకదాన్ని ఎంచడానికి S1, S0 అనే రెండు సెలెక్ట్ లైన్లు చాలు. ఒక్కో డేటా తీగకు మూడు ఇన్‌పుట్ల ఆండ్ గేటు ఒకటి పెడతాం. D2 గేటుకు S1 నేరుగా వస్తుంది, S0 ఇన్వర్టర్ గుండా వస్తుంది. కాబట్టి సెలెక్ట్ లైన్ల మీద 10 ఉన్నప్పుడే D2 లోపలికి పోతుంది, మిగతా మూడు గేట్లూ సున్నాలే ఇస్తాయి. నాలుగింటినీ ఒక ఆర్ గేటులో కలపాలి.

```
Y = S1'S0'D0 + S1'S0 D1 + S1 S0'D2 + S1 S0 D3
```

ఇందులోంచి డేటా తీగలనూ ఆర్ గేటునూ తీసేస్తే మిగిలేది టు-టు-ఫోర్ డీకోడరే. అదే పద్ధతిలో మూడు ఇన్వర్టర్లు, ఎనిమిది ఆండ్ గేట్లు పెడితే త్రీ-టు-ఎయిట్ డీకోడర్ వస్తుంది. 101 ఇస్తే 5వ నంబరు అవుట్‌పుట్ ఒక్కటే పలుకుతుంది.

మక్స్‌తో కూడిక కూడా చేయించవచ్చు. కూడాల్సిన బిట్లు A, B లను సెలెక్ట్ లైన్లకు ఇవ్వండి. కింది స్థానం నుంచి వచ్చిన క్యారీ C. A, B రెండూ 0 అయితే మొత్తం C. ఒకటే 1 అయితే C కి తలకిందులు. రెండూ 1 అయితే మళ్లీ C. అంటే D0 నుంచి D3 వరకు C, C', C', C కలిపితే సరి. పై స్థానానికి పోయే క్యారీ కోసం రెండో మక్స్‌కు 0, C, C, 1. 74HC153 చిప్పులో మక్స్‌లు రెండు ఉంటాయి, సెలెక్ట్ లైన్లు ఉమ్మడి. ఆ చిప్పు, ఒక ఇన్వర్టర్ ఉంటే ఫుల్ యాడర్ అయిపోయినట్టే. D1, D2 ఒకటే కనుక A, B తారుమారైనా ఇక్కడ ఏమీ కాదు.

డీకోడర్‌కు అంత ఓర్పు లేదు. 8085 ప్రాసెసర్‌కు 16 అడ్రస్ లైన్లు, 64 కిలోబైట్ల మెమరీ. దాన్ని 8 కిలోబైట్ల చిప్పులు ఎనిమిదింటితో నింపుదాం. A0 నుంచి A12 దాకా అన్ని చిప్పులకూ పోతాయి. A15, A14, A13 మాత్రం 74HC138 డీకోడర్‌కు పోయి, ఏ చిప్పు మేల్కోవాలో చెబుతాయి. ఇక్కడ A13, A15 తీగలు తారుమారైతే 2000H అడ్రస్‌కు 1వ చిప్పు బదులు 4వ చిప్పు పలుకుతుంది. చిత్రమేమిటంటే అన్ని స్థానాల్లోనూ ర్యామ్ ఉంటే రాసింది రాసినట్టే చదవొస్తుంది, పరీక్షలన్నీ పాసవుతాయి. 1వ చిప్పు పీకి చూడండి: 2000H దగ్గర పోవాల్సిన డేటా 8000H దగ్గర పోతే దొంగ దొరికినట్టే.

ఇంకో చిక్కు వేగానికి సంబంధించింది. అడ్రస్ 011 నుంచి 100 కి మారేటప్పుడు మూడు బిట్లూ ఒకే క్షణంలో మారవు. మధ్యలో 000 గానీ 111 గానీ రెప్పపాటు కనబడి, సంబంధం లేని అవుట్‌పుట్ ఒకసారి కదులుతుంది. ఆ అవుట్‌పుట్‌నే నేరుగా లాచ్‌కు పల్స్‌గా ఇచ్చి ఉంటే అందులో చెత్త చేరుతుంది. 138లో ఎనేబుల్ పిన్నులు మూడు ఉన్నది ఇలాంటి అవసరాలకే. అలాంటి చోట WR సంకేతాన్ని వాటిలో ఒకదానికి కలిపితే, అడ్రస్ కుదురుకున్నాకే డీకోడర్ నోరు విప్పుతుంది.