ఆట వెనక దాక్కున్న పెట్టె

కొత్త ఆట డౌన్‌లోడ్ పూర్తయింది, Play నొక్కారు. తెర నిండా ఆట బొమ్మ వచ్చింది, కింద మూల "Preparing to launch" అని చిన్న అక్షరాలు పడ్డాయి. పది నిమిషాలైనా అవి అలాగే ఉన్నాయి. ఫ్యాన్ చప్పుడు లేదు, హార్డ్‌డిస్క్ లైటు వెలగడం లేదు. కంప్యూటర్ పాతదై ఉంటుందనో, ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందనో మనమనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు. కంప్యూటర్ మనల్ని ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం కూర్చుంది. ఆ ప్రశ్న ఉన్న పెట్టె ఆట బొమ్మ వెనక ఉంది.

ఆ పెట్టె అక్కడికి పొరపాటున పోలేదు. ముందుకు దూకొద్దని దాన్ని ఒకప్పుడు కావాలనే కట్టడి చేశారు. దీని పుట్టుక తెలియాలంటే విండోస్ 95 కాలానికి వెళ్లాలి. ఆ రోజుల్లో ఏ ప్రోగ్రామైనా ఎప్పుడంటే అప్పుడు తన కిటికీని అన్నిటికన్నా ముందుకు తెచ్చుకోగలిగేది. మీరు ఉత్తరం టైపు చేస్తూ ఉంటే మధ్యలో ఏదో పెట్టె ఊడిపడేది. మీరు పేరా మార్చడానికి నొక్కిన ఎంటర్, చదవకుండానే దానికి "సరే" అని చెప్పేసేది. ఇది చికాకే కాదు, ప్రమాదం కూడా.

విండోస్ 98, విండోస్ 2000 వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ దీనికి అడ్డుకట్ట వేసింది. మీరు ప్రస్తుతం వాడుతున్న ప్రోగ్రాముకు, లేదా అది స్వయంగా మొదలుపెట్టిన ప్రోగ్రాముకు మాత్రమే ముందుకొచ్చే హక్కు ఉంటుంది (నియమాల్లో ఇంకొన్ని మినహాయింపులున్నాయి, అవి ఇక్కడ అక్కర్లేదు). మీరు చివరిసారి కీ నొక్కి లేదా మౌస్ కదిపి 200 సెకన్లు గడవకపోతే మిగతావాటికి ఆ హక్కు లేదు. అవి కింద టాస్క్‌బార్‌లో తమ బొమ్మను మినుకుమినుకుమనిపించి, తర్వాత రంగు మారి ఊరుకోవాలి. ఆ 200 సెకన్ల అంకె రిజిస్ట్రీలో ForegroundLockTimeout అనే పేరుతో, 200000 మిల్లీసెకన్లుగా ఇప్పటికీ కనిపిస్తుంది.

రెండో కాపలాదారు 2007 జనవరిలో మామూలు జనం చేతికొచ్చిన విండోస్ విస్టాతో వచ్చాడు. సిస్టమ్ ఫోల్డర్లలో ఏదైనా మార్చబోయే ప్రోగ్రాము ముందుగా మన అనుమతి అడగాలి. తెర మసకబారి, మధ్యలో "Yes", "No" కనిపించే పెట్టె అదే. అది మసకబారిన తెర మీద విడిగా ఉంటుంది కాబట్టి వేరే ప్రోగ్రాము దాని మీద దొంగచాటుగా "Yes" నొక్కలేదు. అయితే అడిగేది మీరు వాడుతున్న ప్రోగ్రాము కాకపోతే? అప్పుడు తెరను మసకబార్చకుండా, టాస్క్‌బార్‌లో డాలు బొమ్మ ఒకటి మెరిపిస్తారు. మీరు తీరిక చేసుకుని దాన్ని నొక్కినప్పుడే పెట్టె తెరుచుకుంటుంది.

విడివిడిగా చూస్తే రెండూ మంచి ఏర్పాట్లే. ఆట లాంచర్ దగ్గరికొచ్చేసరికి రెండూ కలిసి చిక్కుముడి వేశాయి.

ఆకివీడులో మా చుట్టాలబ్బాయి ఒకడు వేసవి సెలవుల్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనిపించుకున్నాడు. వాళ్ల నాన్న చేపల చెరువుల దగ్గరికి వెళ్లిన ఓ పూట నాకు ఫోన్ చేశాడు. "బాబాయ్, గంట నుంచి ప్రిపేరింగ్ అనే అంటంది. రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. నెట్ బానే ఉంది."

"విండోస్ కీ ఒక్కసారి నొక్కరా. కింద పట్టీ వచ్చిందా? అందులో ఏదైనా రంగు మారి ఉందా?" అన్నాను. "పసుపు, నీలం డాలు బొమ్మ ఒకటుంది. దాని వెనక ఎర్రగా వెలుగుతా ఉంది" అన్నాడు. నొక్కమన్నాను. తెర మసకబారి పెట్టె వచ్చింది. పైన మైక్రోసాఫ్ట్ పేరు ఉందో లేదో చూసి Yes అనమన్నాను. అర నిమిషంలో ఆట తెరుచుకుంది.

లోపల జరిగింది ఇదీ. చాలా ఆటలను విజువల్ సీ ప్లస్ ప్లస్ అనే పరికరంతో తయారుచేస్తారు. అవి నడవాలంటే vcruntime140.dll, msvcp140.dll లాంటి ఫైళ్లు కంప్యూటర్లో ఉండాలి. అందుకని ఆటతోపాటు vc_redist.x64.exe అనే ఇన్‌స్టాలర్ కూడా దిగుతుంది. Play నొక్కగానే లాంచర్ ముందు దాన్ని, చడీచప్పుడు లేకుండా పని కానివ్వమనే ఆదేశంతో నడుపుతుంది. ఆ పద్ధతిలో ఇన్‌స్టాలర్‌కు సొంత కిటికీ ఉండదు. ఫైళ్లు విండోస్ సిస్టమ్ ఫోల్డర్లోకి వెళ్లాలి కనుక అది అనుమతి అడుగుతుంది. తెర మీద ముందున్నది ఆట బొమ్మ, అడుగుతున్నది కిటికీ లేని మరో ప్రోగ్రాము. కాబట్టి ప్రశ్న టాస్క్‌బార్‌కు పోయింది. ఆట బొమ్మ తెర మొత్తం ఆక్రమించి టాస్క్‌బార్‌నూ కప్పేసింది. ఇన్‌స్టాలర్ ముగిసి, సున్నా అనే సంకేతమిచ్చేదాకా కదలొద్దని లాంచర్‌కు రాసి ఉంది. సంతకం కోసం ఫైలు ఆగిన ఆఫీసులో గుమాస్తా బయట, ఆఫీసరు లోపల కూర్చుని ఒకరికోసం ఒకరు చూస్తున్నట్టు పని నిలిచిపోయింది.

డాలు బొమ్మ కనిపించకపోతే Ctrl, Shift, Esc కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి, అది ఆట వెనక పడితే Alt, Tab తో తెచ్చుకోండి. Details అన్న చోట consent.exe అనే పేరుంటే అనుమతి ప్రశ్న జవాబు లేకుండా ఉందని అర్థం. అది లేకుండా msiexec.exe గానీ, పాత ఆటల్లో DXSETUP.exe గానీ ఉంటే వాటి సీపీయూ, డిస్క్ అంకెలు చూడండి. అంకెలు మారుతుంటే పని నడుస్తోంది, ఓపిక పట్టండి, మధ్యలో చంపకండి. నిమిషాల తరబడి సున్నా దగ్గరే ఉంటే ఎక్కడో "I agree" అని నొక్కమనే పెట్టె ఉండి ఉండవచ్చు, Alt, Tab తో వెతకండి.

ఏదీ దొరకకపోతే లాంచర్ మూసేసి, ఆట ఫోల్డర్లో ఆ ఇన్‌స్టాలర్ ఎక్కడుందో వెతికి, అక్కడే కమాండ్ విండో తెరిచి ఇలా నడపవచ్చు:

```
vc_redist.x64.exe /install /passive /norestart
```

/passive అంటే ప్రశ్నలడగదు కానీ, పని ఎంతవరకు వచ్చిందో గీత చూపిస్తుంది. ఈసారి అడిగేది మీ ముందున్న కిటికీ నుంచే కాబట్టి అనుమతి పెట్టె దాక్కోదు. 32 బిట్ ఆటకైతే vc_redist.x86.exe కావాలి. ఆటతో వచ్చినదానికన్నా కొత్తది కంప్యూటర్లో ముందే ఉంటే ఇన్‌స్టాలర్ 1638 అనే సంకేతంతో ఆగుతుంది. ఆ ఫైళ్లు ఉన్నట్టే కాబట్టి దానికి కంగారుపడక్కర్లేదు. 3010 వస్తే కంప్యూటర్ ఒకసారి ఆపి మళ్లీ వెయ్యాలి. 1618 అంటే మరో ఇన్‌స్టాలేషన్ నడుస్తోంది, అది ముగిశాక మళ్లీ ప్రయత్నించాలి.

ఈ తలనొప్పి వదిలించుకోవడానికి అనుమతి పెట్టెనే పూర్తిగా ఆపెయ్యమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఆపితే ఆట ఇన్‌స్టాలర్‌తోపాటు, ఎక్కడి నుంచో దిగిన ప్రతి ప్రోగ్రామూ అడగకుండానే సిస్టమ్‌లోకి దూరుతుంది. ఆ పని చెయ్యకండి.

నిజానికి దీన్ని సరిదిద్దవలసింది లాంచర్ రాసేవాళ్లు. అనుమతి అడిగే ఆదేశంలో "నా కిటికీ ఇదీ" అని చెప్పడానికి hwnd అనే ఒక గడి ఉంది. దాన్ని ముందున్న కిటికీతో నింపితే ప్రశ్న ఆ కిటికీ తరఫున వస్తుంది, దాక్కోదు. ఆట తెర కప్పకముందే, డౌన్‌లోడ్ పూర్తయిన వెంటనే ఈ ఇన్‌స్టాలర్లను నడిపితే ఇంకా మేలు. గడి ఖాళీగా వదిలేసి "Preparing" అని రాసి కూర్చోబెట్టడం మాత్రం బద్ధకం.